సబ్జా నానిందా లేదా: గ్లాసులో కలిపే ముందు, పిల్లల చేతికిచ్చే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ప్రతి కిరాణా కొట్టు ముందూ సబ్జా పొట్లాలు వేలాడతాయి. నిమ్మరసంలో, నన్నారి షర్బత్‌లో, ఫలూదాలో, రంజాన్ నెలలో ఇఫ్తార్ గులాబీ పాలలో అన్నిటా అవే. అందరికీ తెలిసిన గింజ కాబట్టి నానబెట్టడంలో కొత్తగా నేర్చుకునేదేముంది అనుకుంటాం. తేడా వచ్చేది అక్కడే. ఈ గింజ నీళ్ళు తాగి ఉబ్బడం ఎలాగూ ఆగదు. ఆ ఉబ్బడమేదో గిన్నెలో పూర్తి కావాలి, గొంతులో కాకూడదు. ఇక పిల్లల విషయంలో అయితే బాగా నానిన గింజ కూడా పూర్తిగా నిరపాయం కాదు. అందుకు కారణం వేరు, జాగ్రత్త కూడా వేరు.

చేతిలో ఉన్నది సబ్జానా, చియానా

సబ్జా అంటే రుద్రజడ మొక్క గింజ. తులసి కుటుంబంలోదే, పూజకు పెట్టుకునే తులసి మాత్రం కాదు. పాతబస్తీ దుకాణాల్లో తుఖ్మలంగా అని అడిగినా ఇదే ఇస్తారు. చియా మెక్సికో ప్రాంతపు మొక్క గింజ, మన దగ్గర అలవాటైంది ఈమధ్యే. బేగంబజార్‌లో విడిగా కొంటే రెండిటినీ ఒకదాని పేరుతో ఇంకొకటి కట్టి ఇవ్వడం అరుదేమీ కాదు. ధరలో తేడా ఉంది కాబట్టి ఎక్కువగా సబ్జాకే చియా అనే పేరు పడుతుంది.

పొడిగా ఉన్నప్పుడు కొన్ని గింజలు తెల్ల సాసర్‌లో పోసి చూడండి. సబ్జా అంతా ఒకే నలుపు, మెరుపు ఉండదు, ఒక కొన కాస్త సన్నగా ఉంటుంది. చియా గుండ్రటి కోడిగుడ్డు ఆకారం, నున్నగా మెరుస్తుంది, బూడిద, గోధుమ, తెలుపు చారలు కలిసి ఉంటాయి. తెల్ల చియా కూడా దొరుకుతుంది. అనుమానం ఉంటే చిటికెడు నీళ్ళలో వేయండి. సబ్జా నిమిషం, రెండు నిమిషాల్లోనే చుట్టూ బూడిదరంగు పొర కట్టుకుని గింజ గింజ విడిగా ఉబ్బుతుంది. చియా నిదానం. పొర పలుచన, గింజలు ఒకదానికొకటి అంటుకుని నీళ్ళనే చిక్కగా చేస్తాయి.

ఈ తేడా తెలియడం రుచి కోసం కాదు, సమయం కోసం. సబ్జాకు ఇరవై నిమిషాలు చాలు. చియాకు కనీసం అరగంట, వీలైతే రెండు గంటలు ఇవ్వాలి. చియాను సబ్జా అనుకుని ఇరవై నిమిషాల్లో తాగేస్తే సగం నానిన గింజ లోపలికి పోతుంది.

ఇంకో మాట. నర్సరీల్లోనూ, విత్తనాల దుకాణాల్లోనూ నాటడానికి అమ్మే రుద్రజడ విత్తనాలను తినడానికి వాడకండి. వాటికి శిలీంధ్ర నాశక మందు పట్టించి ఉండొచ్చు. తినే సరుకు అమ్మే చోటే కొనండి.

నానబెట్టే పద్ధతి

ముందు శుభ్రం చేయడం. విడిగా కొన్న సబ్జాలో మట్టి, పుల్లలు, సన్న రాళ్ళు ఉంటాయి. బియ్యంలా కడిగి పోద్దామంటే కుదరదు, నీళ్ళు తగలగానే జిగురు పట్టేస్తుంది. కాబట్టి పొడిగానే పని కానివ్వాలి. టీ వడపోతలో పోసి తడితే దుమ్ము రాలిపోతుంది. మిగిలింది తెల్ల పళ్ళెంలో పలచగా పరిస్తే పుల్ల, రాయి కంటికి కనబడతాయి, ఏరేయండి. పిల్లల కోసమైతే ఈ పని మానకండి. జిగురులో కలిసిపోయిన రాయి పంటి కింద పడేదాకా తెలియదు.

కొలత ఇలా పెట్టుకోండి. సబ్జా ఒక టీస్పూను, తలకొట్టి, అంటే పైన గుట్టగా లేకుండా. సుమారు నాలుగు గ్రాములు ఉంటుంది. దానికి నీళ్ళు ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు. గింజ తాగేది ఇందులో సగానికి అటూ ఇటూ. మిగతాది ఎందుకంటే అది మనకు గుర్తు, ఎలాగో కాసేపట్లో చెబుతాం. చియాకు కూడా ఇదే కొలత సరిపోతుంది.

నీళ్ళు మామూలు వేడిలో ఉండాలి, తాగే నీళ్ళే కావాలి. గోరువెచ్చగా ఉంటే ఇంకొంచెం త్వరగా నానుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ళలో బాగా ఆలస్యమవుతుంది. మరిగే నీళ్ళు పోయకండి, పైపొర విడిపోయి నీళ్ళన్నీ జిగురై, గింజ చుట్టూ ఉండాల్సిన మెత్తటి గుండు పోతుంది. బోరు నీళ్ళు గట్టిగా ఉండే పేటల్లో కాస్త నెమ్మదిగా ఉబ్బుతుంది. కరిగిన లవణాలు జిగురుకు అడ్డు. అక్కడ ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి.

ఇక వరుస:

1. ముందు గిన్నెలో నీళ్ళు పోయండి. గింజలు తర్వాత. గింజల మీద నీళ్ళు పోస్తే అడుగున ముద్ద కడుతుంది.
2. ఒక చేత్తో చెంచాతో నీళ్ళు తిప్పుతూ, ఇంకో చేత్తో గింజలు ఉప్పు జల్లినట్టు పలచగా జల్లండి. ఒక్కసారిగా కుమ్మరించొద్దు.
3. అర నిమిషం ఆగి మళ్ళీ తిప్పండి. రెండు నిమిషాలకు ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి. చియా అయితే పది నిమిషాలకు కూడా.
4. గిన్నె అంచుకు, చెంచాకు అంటుకున్న పొడి గింజలను నీళ్ళలోకి తోసేయండి. అందరూ మర్చిపోయేది ఇదే.
5. సబ్జాను ఇరవై నిమిషాలు, చియాను కనీసం అరగంట వదిలేయండి.

ముద్ద ఎందుకంత ప్రమాదం? గింజలు గుంపుగా ఉన్నప్పుడు బయటివి ముందు ఉబ్బి ఒక జిగురు గోడ కడతాయి. లోపలి గింజలకు నీళ్ళు అందవు. పైకి చూస్తే ముద్దంతా నానినట్టే ఉంటుంది. విరిస్తే మధ్యలో పొడి నలుపు. ఆ ముద్ద గ్లాసులోకి పోయి, నోట్లో విడిపోతే, పొడి గింజలు గొంతు దగ్గర మొదలుపెడతాయి ఉబ్బడం. ముద్ద కనిపిస్తే గిన్నె అంచుకు అదిమి చెంచా వెనుకతో విడదీయండి, ఇంకో గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ పది నిమిషాలు. గట్టిగా ఉండి విడిపోకపోతే దాన్ని తీసి పారేయండి. నాలుగు గింజల కోసం పోరాడాల్సిన పని లేదు.

నేరుగా షర్బత్‌లోనే గింజలు వేసి "అదే నానుతుందిలే" అనడం ఇంకో పొరపాటు. పంచదార పాకం ఉన్న నీళ్ళు గింజ లోపలికి అంత తేలిగ్గా పోవు. నిమ్మ పులుపు, ఉప్పు కూడా జిగురు విచ్చుకోవడాన్ని తగ్గిస్తాయి. పాలు సరేసరి. నిమ్మరసంలో పదిహేను నిమిషాలు ఉన్న సబ్జా, మామూలు నీళ్ళలో పదిహేను నిమిషాలు ఉన్న సబ్జా పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాని చుట్టూ పొర సన్నగా ఉంటుంది. అందుకే ఎప్పుడూ ఉత్త నీళ్ళలో పూర్తిగా నానబెట్టి, చివర్లో పానీయంలో కలపాలి.

నానిందని ఎలా తెలుస్తుంది

గడియారం ఒక్కటే చాలదు. గింజ పాతదైనా, నీళ్ళు చల్లగా ఉన్నా ఇరవై నిమిషాలు దాటాక కూడా మిగులు పని ఉంటుంది. మూడు పరీక్షలు చేయండి, మొత్తం నిమిషం పట్టదు.

మొదటిది మిగులు నీళ్ళ పరీక్ష. గిన్నెను కాస్త ఒంచండి. గింజల గుంపు పక్కనుంచి నీళ్ళు విడిగా జారి రావాలి. అలా వస్తే గింజలు కడుపు నిండా తాగి, ఇంక వద్దని వదిలేశాయని అర్థం. ఒంచినా ఏమీ జారకుండా మొత్తం ఒకే ముద్దగా కదిలితే, నీళ్ళు చాలక ఆగిపోయాయి. ఇంకా దాహంతోనే ఉన్నాయి. అర గ్లాసు పోసి, తిప్పి, మరో పది నిమిషాలు ఆగండి. చియా నీళ్ళను చిక్కబరుస్తుంది కాబట్టి జారే ద్రవం కాస్త జిగటగా ఉంటుంది, అది సరే. జారడం మాత్రం జారాలి.

రెండోది కంటి పరీక్ష. ఒక చెంచాడు తీసి తెల్ల సాసర్‌లో పలచగా పరవండి. ప్రతి సబ్జా గింజ చుట్టూ అన్ని వైపులా పారదర్శకమైన పొర ఉండాలి, మధ్యలో నల్ల చుక్క. ఒక పక్క మాత్రమే పొర ఉండి, ఇంకో పక్క నలుపు బయటికి కనిపిస్తే నానలేదు. అసలు ఉబ్బని గింజలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. పది గింజల్లో రెండు మూడు అలా ఉంటే సరుకు పాతది, ఆ డబ్బా మార్చేయండి.

మూడోది వేలి పరీక్ష. రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా రుద్దండి. జారిపోవాలి. మధ్యలో చిన్న గట్టి పలుకు తగలడం మామూలే, అది గింజ అసలు శరీరం. పొర పొడిగా, అంటుకునేలా, వేలికి పట్టుకునేలా ఉంటే ఇంకా సమయం కావాలి.

గొంతులో ఏం జరుగుతుంది

ఇక్కడ రెండు వేరువేరు ప్రమాదాలున్నాయి. వాటిని కలిపేస్తే చేయకూడని పని చేస్తాం.

మొదటిది అన్నవాహికలో ఇరుక్కోవడం. పొడి గింజలు నోట్లో వేసుకుని పైన నీళ్ళు తాగితే, దారిలోనే ఉబ్బి ముద్ద కడతాయి. 2014లో అమెరికాలో జీర్ణకోశ వైద్యుల సదస్సులో ఇలాంటి కేసు ఒకటి చెప్పారు. 39 ఏళ్ళ మనిషి, ఒక టేబుల్ స్పూన్ పొడి చియా మింగి, వెంటనే గ్లాసు నీళ్ళు తాగాడు. అంతకుముందు కూడా అప్పుడప్పుడు మింగడంలో ఇబ్బంది ఉన్నవాడే. గింజలు అన్నవాహికలో జిగురు ముద్దగా మారి దారి మూసేశాయి. ఎండోస్కోపీ గొట్టంతో కొద్దికొద్దిగా కడుపులోకి నెట్టాల్సి వచ్చింది. సబ్జా చియా కంటే వేగంగా ఉబ్బుతుంది కాబట్టి పొడిగా మింగడం దీనితోనూ అంతే తప్పు. "ఒక చెంచా నోట్లో వేసుకుని నీళ్ళు తాగితే బరువు తగ్గుతారు" అని ఎవరు చెప్పినా వినకండి.

ఇది జరిగితే మనిషి మాట్లాడగలడు, ఊపిరి ఆడుతుంది. కానీ ఛాతీ మధ్య పట్టేసినట్టు ఉంటుంది, ఉమ్మి కూడా మింగలేక నోటి నుంచి కారుతుంది, తాగిన నీళ్ళు తిరిగి వస్తాయి. ఇలాంటప్పుడు చుట్టుపక్కల వాళ్ళు "ఇంకో గ్లాసు నీళ్ళు తాగు, దిగుతుంది" అంటారు. ఆ నీళ్ళతో గింజలు ఇంకా ఉబ్బుతాయి. అరటిపండు మింగించడం, వెన్ను మీద గుద్దడం కూడా వద్దు. ఏమీ పెట్టకుండా, కూర్చోబెట్టి, ఎండోస్కోపీ సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఉమ్మి మింగలేకపోతుంటే రేపటిదాకా ఆగే విషయం కాదు.

రెండోది ఊపిరి దారిలోకి పోవడం. చిన్నపాటిదైతే పొలమారినట్టు దగ్గొస్తుంది. ముఖ్యంగా పిల్లలకు భయపడాల్సింది దీనికే. బాగా నానిన సబ్జా నున్నగా, జారుడుగా ఉంటుంది. నమలడానికి ముందే నాలుక మీది నుంచి జారిపోతుంది. పల్చటి పానీయంలో ఉంటే నీళ్ళతో పాటు ఒకేసారి గుంపుగా గొంతు వెనక్కి చేరుతుంది. పెద్దవాళ్ళకు నాలుక, గొంతు కలిసి దాన్ని అదుపు చేయడం అలవాటే. రెండు మూడేళ్ళ పిల్లలకు వెనక దవడ పళ్ళు అప్పుడప్పుడే వస్తుంటాయి, నమిలి మింగే క్రమం ఇంకా కుదరదు, ఊపిరిగొట్టం సన్నన. పైగా వాళ్ళు తాగుతూ నవ్వుతారు, మాట్లాడతారు, పరుగెత్తుతారు. నవ్వే క్షణంలో ఊపిరి దారి తెరుచుకుంటుంది.

స్ట్రా దీన్ని ఇంకా పెంచుతుంది. సన్న స్ట్రాలో గింజలు ఇరుక్కుంటాయి, పిల్లలు బలంగా పీలుస్తారు, అడ్డం తొలగగానే గింజలన్నీ ఒక్కసారిగా వచ్చి గొంతు వెనక పడతాయి. లావు స్ట్రా అయితే ఆ ఇరుక్కోవడం కూడా లేదు, నేరుగా గుంపే వస్తుంది. సిప్పర్ సీసా, బడికి తీసుకెళ్ళే స్ట్రా సీసా వీటిలో సబ్జా అసలు పోయకండి. మూతలో చిక్కుకున్న గింజలు కడిగినా పోవు, రెండో రోజుకు వాసన వస్తుంది.

ఏ వయసుకు ఎంత

కింద చెప్పేది ప్రభుత్వ నిబంధన కాదు. నమలడం, మింగడం ఎప్పుడు కుదురుతుందో చూసుకుని పెట్టుకున్న జాగ్రత్త లెక్క. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, మింగడంలో ఇబ్బంది, నరాల జబ్బు ఉన్న పిల్లల విషయంలో డాక్టర్ మాటే లెక్క.

రెండేళ్ళలోపు వద్దు. "ఒంటికి చలువ" అని పసిపిల్లలకు చెంచాతో సబ్జా నీళ్ళు పట్టే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది, అది మానేయాల్సిందే. తాగేది ఆరు నెలలదాకా పాలే, ఆ తర్వాత పాలు, మంచినీళ్ళు, ఆ వయసుకు చలువ అదే.

రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య పానీయంలో వద్దు. పెట్టాలనిపిస్తే, పావు టీస్పూను గింజలు పూర్తిగా నానబెట్టి, అరటిపండు, పెరుగుతో కలిపి మిక్సీలో మెత్తగా తిప్పి, చిక్కటి ముద్దగా చెంచాతో తినిపించండి. చిక్కటిది నోట్లో నెమ్మదిగా కదులుతుంది, పిల్లలకు అదుపులో ఉంటుంది. పొడి గింజలను ముందే పొడి చేసి చల్లడం మాత్రం చేయకండి. పొడి ఇంకా త్వరగా నీళ్ళు పట్టి, అంగిలికి అంటుకునే పేస్టు అవుతుంది.

నాలుగు దాటాక, తినేటప్పుడు కూర్చునే అలవాటు ఉన్న పిల్లలకు, పొడి లెక్కన పావు టీస్పూనుతో మొదలుపెట్టి అర టీస్పూను దాకా. వెడల్పు మూతి ఉన్న పొట్టి కప్పులో, చెంచాతో. పెద్దలు పక్కనే ఉండాలి. ఇది పీచు పదార్థం కాబట్టి కడుపు నిండినట్టు ఉంటుంది. సాయంత్రం ఎక్కువ తాగిస్తే రాత్రి అన్నం దగ్గర మొరాయిస్తారు. నీళ్ళు తక్కువ తాగే పిల్లలకు మలబద్ధకం తగ్గకపోగా పెరుగుతుంది. విరేచనాలవుతుంటే ఇవ్వాల్సింది ఓఆర్ఎస్, అందులో సబ్జా కలపకండి.

పెద్దల్లో కూడా పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్ళు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు, అన్నవాహిక సన్నబడిందని చెప్పించుకున్నవాళ్ళు, మంచినీళ్ళు తాగినా పొలమారే ముసలివాళ్ళు సబ్జా జోలికి పోకపోవడం మేలు. జిగురు మాత్రలను కూడా చుట్టేసుకుంటుంది. థైరాయిడ్ మాత్రలాంటి రోజువారీ మందులకు, సబ్జా పానీయానికి మధ్య రెండు గంటల ఎడం పెట్టుకోండి.

ఒక ఇంటి లెక్క

మే నెల సాయంత్రం, ఇంట్లో ఐదుగురు. భార్యాభర్తలు, ఆరేళ్ళ అమ్మాయి, మూడేళ్ళ అబ్బాయి, నీళ్ళు తాగినా దగ్గే నాయనమ్మ. నాలుగున్నరకు నిమ్మ షర్బత్ కావాలి.

సబ్జా ఇద్దరు పెద్దలకు తలా ఒక టీస్పూను, అమ్మాయికి అర టీస్పూను. మొత్తం రెండున్నర టీస్పూన్లు, అంటే పది గ్రాములు. నీళ్ళు అర లీటరు. నాలుగింటికి గింజలు జల్లాలి. నాలుగూ ఐదుకల్లా మూడుసార్లు తిప్పడం అయిపోతుంది. నాలుగూ ఇరవైకి గిన్నె ఒంచి చూడాలి, నీళ్ళు జారితే సాసర్ పరీక్ష. ఒకవేళ జారకపోతే అర గ్లాసు పోసి నాలుగున్నర దాకా ఆగాలి. షర్బత్ ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఈలోపు వేరే జగ్గులో తొమ్మిది వందల మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు, మూడు నిమ్మకాయల రసం, ఆరు టీస్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు కలిపి, పంచదార పూర్తిగా కరిగాక గింజలు వడకట్టాలి. వడకట్టిన నీళ్ళు పారబోయనక్కర్లేదు, పెద్దల గ్లాసుల్లో కలుపుకోవచ్చు.

ఇక పంపకం. నానిన గింజల్ని ఐదు సమాన భాగాలు చేయండి. పెద్దలకు రెండేసి భాగాలు, అమ్మాయికి ఒక భాగం. ముందే షర్బత్ జగ్గులో గింజలు కలిపేసి పోస్తే గింజలన్నీ అడుగుకు చేరి, ఆఖరున పోసిన గ్లాసులోకి దిగుతాయి. ఆ ఆఖరి గ్లాసు సాధారణంగా పిల్లలదే. అందుకే ఖాళీ గ్లాసులో గింజలు కొలిచి వేసి, పైన షర్బత్ పోయాలి. అబ్బాయికి, నాయనమ్మకు గింజల చెంచా తగలని జగ్గులోంచి ఉత్త షర్బత్. అక్క కప్పు కోసం తమ్ముడు చేయి చాస్తాడు, అది ఖాయం. ఇద్దరికీ ఒకే రంగు కప్పులు ఇవ్వకపోతే ఏది ఎవరిదో తేలిగ్గా తెలుస్తుంది. అమ్మాయి కప్పులో ఐసుముక్కలు వేయకండి, అవి కూడా జారి అడ్డంపడేవే. ఆమె చెంచాతో తాగడం పూర్తయ్యేదాకా టీవీ ముందు నుంచి లేపి కింద కూర్చోబెట్టాలి.

బయట తాగేటప్పుడు

ఫలూదా గ్లాసులో సబ్జా అడుగున ముందే పడుతుంది, ఆ తర్వాత సేమ్యా, గులాబీ షర్బత్, పాలు, పైన ఐస్‌క్రీమ్. కాబట్టి "పిల్లలకు సబ్జా లేకుండా" అని ఆర్డర్ చెప్పేటప్పుడే చెప్పాలి, గ్లాసు చేతికొచ్చాక తీయడం కుదరదు. స్ట్రా ఇస్తే వెనక్కిచ్చి పొడవాటి చెంచా అడగండి. స్ట్రా మొన ఎలాగూ అడుగున ఉన్న గింజల్లోనే దిగబడుతుంది.

బండి దగ్గర పొద్దున నానబెట్టిన గింజలు సాయంత్రం దాకా అలాగే ఎండలో ఉంటాయి. అవి పూర్తిగా నానే ఉంటాయి, ఆ భయం లేదు. భయం నీళ్ళ గురించి. గిన్నెకు మూత ఉందా, చెంచా ఉందా, చేత్తో తీస్తున్నారా చూసుకుంటే చాలు. సూపర్ మార్కెట్లో సీసాల్లో దొరికే సబ్జా పానీయాలను పిల్లలు తల పైకెత్తి గటగటా తాగుతారు. కప్పులో పోసి చెంచా ఇవ్వండి.

అడ్డంపడితే

పిల్ల గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వండి. ముందుకు వంచి కూర్చోబెట్టండి, నీళ్ళు పట్టకండి, వీపు మీద కొట్టకండి. ఆ దగ్గే మంచి మందు.

దగ్గు శబ్దం రాక, ఏడుపు రాక, పెదవులు నీలంగా మారుతుంటే ఒకరు 108కు ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే మొదలుపెట్టాలి. ఏడాది దాటిన పిల్లలను ముందుకు వంచి, రెండు భుజం ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన, పక్కటెముకల కింద పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. అడ్డం తొలగేదాకా ఇవి రెండూ మార్చి మార్చి. ఏడాది లోపు పసిబిడ్డకు కడుపు నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఐదు నొక్కులు. స్పృహ తప్పితే గట్టి నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టాలి. కంటికి కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి తిప్పకండి, ఇంకా లోపలికి పోతుంది.

అడ్డం తొలగినట్టే ఉండి, తర్వాత రోజుల్లో దగ్గు తగ్గకపోయినా, ఊపిరి తీస్తే పిల్లికూతలా వినిపించినా, ఒక పక్క ఛాతీలో గాలి తక్కువగా ఉందని చెప్పినా, సబ్జా తాగుతుండగా మొదలైందని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఇలాంటి గింజలు ఎక్స్‌రేలో నేరుగా కనబడవు. ఆ మాట చెప్పకపోతే ఉబ్బసమనో జలుబనో మందులు నడుస్తాయి. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికి వెళ్ళినా, వీధి చివరి క్లినిక్‌కు వెళ్ళినా మొదటి వాక్యం అదే కావాలి.

మిగిలిపోతే

నానిన గింజలను బయట పెట్టకండి, మన ఎండలకు కొన్ని గంటల్లోనే పులుస్తాయి. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటిలోపు వాడేయండి. జిగురు తీగలు సాగినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. సింకులో మాత్రం పోయకండి, గింజలన్నీ గొట్టం వంపులో పేరుకుంటాయి. వడకట్టి చెత్తబుట్టలో వేయండి. పొడి గింజలు ఉన్న డబ్బాను పిల్లలకు అందని పై అరలో పెట్టండి. నల్లటి చిన్న గింజలు చూడగానే నోట్లో పోసుకునే వయసు వాళ్ళది.